వంద మాటల్లో ఒక జి.ఓ.

2000వ సంవత్సరం మొదట్లో మా తాండాకు ఒక వార్త వచ్చింది. కుందుర్పి బస్టాండులో టీ అంగడి దగ్గర పాత పేపరు ముక్క ఒకటి దొరికితే మా కాకా మడిచి జేబులో పెట్టుకొచ్చినాడు. పొద్దు గుంకినాక మర్రిమాను కింద మాచేత చదివించినాడు. నాలుగు వరుసల వార్త అది. ఇన్నేళ్లైనా దాని సారం మాకు గుర్తుంది: గిరిజన ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్లకు, ప్రభుత్వం జి.ఓ. ఇచ్చింది. అంతే.

అప్పటికి మేము ముగ్గురం అన్నదమ్ముల బిడ్డలం. బుక్కపట్నం డైట్‌లో ఒకరి వెనుక ఒకరు ట్రైనింగు ముగించి ఇంటికి చేరినాం. మా సుగాలీ తాండాలో అంతవరకూ చదివింది మేమే. డి.ఎస్.సి. కోచింగుకు అనంతపురం పంపాలని కాకా నాలుగు మేకలు అమ్మడానికి బేరం కూడా పెట్టుకున్నాడు. ఆ వార్త విన్నాక ఆ బేరం ఆపేసినాడు.

"మనది గిరిజన ప్రాంతం కాదా ఏమి? తాండా కంటే గిరిజన ప్రాంతం ఇంకేముంటాది? మన బడి మనకే ఇస్తా ఉంటే అనంతపురం పోయి దుడ్లు ఎందుకు తగలేయల్ల?" అన్నాడు.

మాకూ అది నిజమే అనిపించింది. నిజం కాదని అనుకోవడానికి ఆ నాలుగు వరుసల్లో ఏమీ లేదు. మేము కోచింగుకు పోలేదు. చదవడం కూడా తగ్గించినాం. నాలుగైదు నెలలైనాక అనంతపురంలో ఒక ఆఫీసుకు పోయి, మా తాండా బడి పోస్టు ఎప్పుడిస్తారని అడిగినాం. అక్కడి గుమాస్తా మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పినాడు.

"ఆ జి.ఓ. షెడ్యూల్డ్ ప్రాంతాలకప్పా. మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం యాడుంది? మీకు జిల్లా పోస్టుల్లో ఎస్టీ వాటా ఆరు శాతం ఉంది. దానికి చదువుకోండి."

అప్పటికే ఆ ఏడు చేజారింది. తర్వాతి ప్రయత్నాల్లో మాలో ఇద్దరికి ఉద్యోగం వచ్చింది. మూడో వాడు, మా పెద్దన్న, ఆ ఎండాకాలమే బెంగుళూరులో కట్టడం పనికి పోయినాడు. మళ్లీ పుస్తకం పట్టలేదు. దీనికంతా ఆ వార్తే కారణమని మేము అనం. ఆ ఏండ్లలో వాన లేదు, చెనక్కాయ చేతికి రాలేదు, ఇంట్లో అప్పు ఉంది. కానీ ఆ నాలుగు వరుసల్లో ఒక్క మాట సరిగ్గా ఉండింటే కాకా మేకలు అమ్మేవాడు, మా అన్న మాతో కోచింగుకు వచ్చేవాడు. అంతమటుకు మాకు గట్టిగా తెలుసు.

ఆ ఒక్క మాట ఏది, అది ఎట్లా జారిపోయింది అన్నది మాకు చాలా ఏండ్లు తెలీలేదు. పాడేరు వైపు బడిలో పనిచేసే ఒక మిత్రుడు ఆ జి.ఓ. జిరాక్సు కాపీ ఇచ్చినప్పుడు మొదటిసారి దాన్ని మొత్తం చదివినాం. అప్పటి నుంచి మా బడిలో పెద్ద తరగతి పిల్లలకు, తాండాలో ఇంటరు చదివే వాళ్లకు ఆ కాపీ ఇచ్చి, వంద మాటలకు లోపల వార్తగా రాయమంటున్నాం. బడి గోడ మీద అంటించే మా గోడ పత్రికకు ఇదే సాధన. ఈ వ్యాసంలో ఆ సాధననే రాస్తున్నాం.

మొదట జి.ఓ. ఎట్లా ఉంటుందో చెప్పాలి. తల మీద శాఖ పేరు, రెండు మూడు వరుసల సంగ్రహం ఉంటాయి. దాని కింద నంబరు, తేదీ. ఆ కింద 'చదివినవి' అని పాత జి.ఓ.ల, ఉత్తరాల, కోర్టు తీర్పుల పట్టిక. తర్వాత 'ఉత్తర్వు' అన్న మాట కింద అంకెలు వేసిన పేరాలు. మొదటి పేరాల్లో పాత కథ, ఆ తర్వాత కారణాలు, ఆ తర్వాత అసలు ఆజ్ఞ. ఆజ్ఞ కింద కొన్నిసార్లు 'వివరణ' అని ఒక చిన్న పేరా. చివర గవర్నరు పేరు మీద సంతకం, ఎవరెవరికి పంపాలో పట్టిక. మెమో, సర్కులరు ఇంతకంటే చిన్నగా ఉండొచ్చు గానీ నడక ఇదే.

వార్త నడక దీనికి పూర్తిగా తలకిందులు. వార్తలో ముఖ్యమైంది పైన ఉంటుంది, కిందికి పోయే కొద్దీ బరువు తగ్గుతుంది. చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు, వార్తకు ఏమీ కాదు. పత్రికల్లో పనిచేసేవాళ్లకు ఇది చేతికి అలవాటైన పని. అదే చేత్తో జి.ఓ.ను కింది నుంచి కోస్తే మొదట పోయేది 'వివరణ'. జి.ఓ. ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో నిర్ణయించేది చాలాసార్లు ఆ పేరానే. మా జి.ఓ.కు జరిగింది ఇదే.

అది సాంఘిక సంక్షేమ శాఖ 2000 జనవరి 10న ఇచ్చిన జి.ఓ.ఎం.ఎస్. నంబరు 3. మన్యం వైపు దాన్ని ఒట్టిగా 'మూడో నంబరు జి.ఓ.' అంటారు. అందులో మొదట పాత కథ ఉంది. 1986లో 275 నంబరు జి.ఓ. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులను ఎస్టీలకే అంది. 1987లో 73 నంబరు జి.ఓ. దాన్ని సవరించి, అర్హత ఉన్న స్థానిక గిరిజనులు దొరికే దాకా గిరిజనేతరులు ఆ పోస్టుల్లో ఉండొచ్చు అంది. ఆ తర్వాత కొత్త జి.ఓ.కు కారణాలు వస్తాయి. ఆ ప్రాంతాల బడుల్లో టీచర్లు సరిగ్గా రాకపోవడం, పిల్లలు మధ్యలో మానేయడం, చదువు వెనుకబడి ఉండడం. ఆ తర్వాత అసలు ఆజ్ఞ. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారంతో, విద్యా చట్టంలో, పంచాయతీరాజ్ చట్టంలో, సర్వీసు రూల్సులో ఏమున్నా సరే, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీ అభ్యర్థులతోనే నింపాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. దాని కింద వివరణ. 'స్థానిక' అంటే అభ్యర్థి గానీ, అతని తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి ఇప్పటిదాకా తమ జిల్లాలోని షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎడతెగకుండా నివసిస్తూ ఉండాలి.

ఇప్పుడు మా కాకా జేబులోని వార్తను పక్కన పెట్టి చూడండి. 'షెడ్యూల్డ్ ప్రాంతాలు' అన్న చోట 'గిరిజన ప్రాంతాలు' వచ్చింది. 'స్థానిక' అన్న మాట ఎగిరిపోయింది. వివరణ మొత్తం పోయింది. రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. షెడ్యూల్డ్ ప్రాంతం అంటే చదివేవాళ్లకు అర్థం కాదేమోనని తేలిక మాట వాడినారు. కానీ ఆ రెండు మాటలూ ఒకటి కావు. గిరిజనులు ఉండే చోటును ఎవరైనా గిరిజన ప్రాంతం అనొచ్చు, మా తాండాను కూడా. షెడ్యూల్డ్ ప్రాంతం అంటే మాత్రం రాష్ట్రపతి ఉత్తర్వులో ఊరి పేరుతో, తాలూకా పేరుతో రాసి ఉన్న చోటు. శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా కోస్తా కొండల్లో, ఇటు ఖమ్మం, వరంగల్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అట్లాంటి ఊర్లు ఉన్నాయి. రాయలసీమలో ఒక్కటి కూడా లేదు. మేము ఎస్టీలమే, మా తాండా మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఈ తేడా తెలియనివాళ్లు మా దగ్గర అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

అందుకే పిల్లలకు మొదట చెప్పేది ఇది. జి.ఓ.లో కొన్ని మాటలు మామూలు మాటలు, కొన్ని గీత గీసే మాటలు. మామూలు మాటలను ఎంత తేలిక చేసినా పరవాలేదు. 'నియామకం జరపవలసినదిగా ఆదేశించడమైనది' అన్నదాన్ని 'నింపాలి' అనొచ్చు. గీత గీసే మాటను మాత్రం మార్చకూడదు, అది కష్టంగా ఉంటే పక్కన ఒక మాటలో వివరించాలి. గీత గీసే మాట ఏదో కనుక్కోవడానికి ఒక ఉపాయం ఉంది. ఆ మాట తీసేసి చదివితే లాభం పొందేవాళ్లు పెరిగినా, తగ్గినా అది గీత గీసే మాటే. 'షెడ్యూల్డ్' తీసేస్తే మా తాండా లోపలికి వస్తుంది. 'స్థానిక' తీసేస్తే కుందుర్పి నుంచి పాడేరుకు పోయి అప్లికేషన్ పెట్టొచ్చని అర్థం వస్తుంది. 'టీచరు' తీసేస్తే గుమాస్తా ఉద్యోగాలు కూడా లోపలికి వస్తాయి.

రెండోది, ఎక్కడ మొదలుపెట్టి చదవాలన్నది. పిల్లలు జి.ఓ.ను పై నుంచి చదివి, పైన ఉన్న సంగ్రహాన్నే వార్త చేస్తారు. ఆ సంగ్రహం విషయం ఏమిటో మాత్రమే చెబుతుంది, ఆజ్ఞ ఏమిటో చెప్పదు. అందుకే సంతకం దగ్గర నుంచి పైకి చదవమంటాం. మొదట వివరణ దొరుకుతుంది. దానికి పైన ఆజ్ఞ దొరుకుతుంది. ఆ రెండింటికీ పెన్సిలుతో గీత గీయమంటాం. మిగతాదంతా ఆ తర్వాతే. పై నుంచి చదివేవాళ్లకు ఇంకో గుంత ఉంది. పాత కథ కూడా ఆజ్ఞలాగే కనిపిస్తుంది. ఒకసారి ఒక పిల్లవాడు 'అర్హులు దొరికే దాకా గిరిజనేతరులు కూడా ఉండొచ్చు' అని తన వార్తలో రాసినాడు. అది 1987 నాటి మాట, 2000 నాటి ఆజ్ఞ కాదు. జి.ఓ. దాన్ని చెప్పింది కథ కోసమే. 'పైన చదివిన జి.ఓ.లో' అని మొదలయ్యే పేరా కనబడితే అది పాత సంగతి అని పక్కన రాసుకోమన్నాం.

మూడోది రాయడం. పోయినేడు మా అన్న కూతురు ఈ పనికి కూర్చుంది. అమ్మా నాయనా బెంగుళూరులో ఉంటే ఆ పిల్ల అవ్వ దగ్గర ఉండి కళ్యాణదుర్గంలో ఇంటరు చదువుతా ఉంది. తన మొదటి ముసాయిదా ఇది.

"షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని గిరిజన పాఠశాలల్లో టీచరు పోస్టులను స్థానిక ఎస్టీలకు కేటాయిస్తూ ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది. కనీసం మూడో వంతు పోస్టులు మహిళలకు ఇస్తారు. 1950 నుంచి అక్కడ నివసిస్తున్న అభ్యర్థులు అర్హులు."

చదవడానికి బాగుంది, పొట్టిగా ఉంది. మా కాకా జేబులోని వార్త కంటే చాలా మేలు. అయినా ఇందులో నాలుగు తప్పులు ఉన్నాయి. వాటిని తన చేతనే పట్టించినాం.

మొదటిది 'గిరిజన పాఠశాలల్లో'. జి.ఓ. 'షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడులు' అంది. అక్కడ ఉన్న మండల పరిషత్తు బడి, జిల్లా పరిషత్తు బడి కూడా అందులోకి వస్తాయి. గిరిజన పాఠశాల అంటే చదివేవాళ్లకు ఆశ్రమ పాఠశాలే గుర్తొస్తుంది. ఒక్క మాట ఎక్కువ రాసినందుకు ఎన్నో బడులు బయటికి పోయినాయి. మాట తీసేస్తేనే కాదు, చేర్చినా గీత జరుగుతుంది.

రెండోది 'ఎస్టీలకు కేటాయిస్తూ'. ఎంత కేటాయించారు? పదో వంతా, సగమా? జి.ఓ.లో 'అన్నీ', 'మాత్రమే' అని రెండు మాటలున్నాయి. తెలుగులో 'మాత్రమే' అన్నది చాలాసార్లు ఒక చిన్న 'నే'లో దాగి ఉంటుంది. 'ఎస్టీలతో నింపాలి' అంటే ఒక అర్థం, 'ఎస్టీలతోనే నింపాలి' అంటే ఇంకో అర్థం. ఇంగ్లీషులో దానికి ఒక మాట ఖర్చవుతుంది, మనకు అక్షరమే. కాబట్టి దాన్ని కోసినా మాటల లెక్క తగ్గదు, అర్థం మాత్రం పోతుంది. తెలుగులో కుదించేవాళ్లు మాటలకంటే ముందు ఈ తోకలను చూసుకోవాలి.

మూడోది 'కనీసం'. జి.ఓ.లో ఆ మాట లేదు. మహిళలకు మూడో వంతు అంది, అంతే. 'కనీసం' అంటే అంతకంటే ఎక్కువ కూడా ఇవ్వమని అర్థం వస్తుంది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"ఎక్కువ ఇస్తే మంచిదే కదా సార్?" అంది.

"మంచిదో కాదో మన సొంత మాటగా పక్కన రాయొచ్చు పాపా. జి.ఓ. నోట్లో మాత్రం పెట్టకూడదు," అన్నాం.

నాలుగోది అన్నింటికంటే పెద్దది. '1950 నుంచి అక్కడ నివసిస్తున్న అభ్యర్థులు.' మేము తనను ఒక లెక్క అడిగినాం. 2000లో టీచరు పోస్టుకు వచ్చే మనిషి వయసు ఎంతుంటుంది? ఇరవై, ఇరవై ఐదు. 1950 నుంచి అక్కడే ఉన్నవాడంటే యాభై ఏండ్లు దాటిన మనిషి. మరి ఎవరు అర్హులు? ఆ పిల్ల మళ్లీ వివరణ చదివి 'గానీ... గానీ' అన్నచోట ఆగింది. అభ్యర్థి గానీ, తల్లిదండ్రులు గానీ. తల్లిదండ్రుల మాట ఎగిరిపోవడం వల్ల ఆ వార్త ప్రకారం రాష్ట్రంలో దాదాపు ఎవరికీ ఉద్యోగం రాదు. మేము ఎప్పుడూ చెప్పేది ఇదే. వార్త రాసినాక ఒక మనిషిని ఊహించుకోండి, పేరు పెట్టండి, వయసు పెట్టండి, ఊరు పెట్టండి. ఆ మనిషిని మీ వార్త గుండా నడిపించండి, ఆ తర్వాత జి.ఓ. గుండా నడిపించండి. రెండుచోట్లా ఒకే చోటికి చేరితే వార్త సరిగ్గా ఉన్నట్టు.

ఇంకో రెండుసార్లు తిరగరాసినాక ఆ పిల్ల వార్త ఇట్లా తేలింది.

"షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో టీచరు పోస్టులన్నీ ఇకపై స్థానిక ఎస్టీ అభ్యర్థులతోనే నింపుతారు. వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. అభ్యర్థి గానీ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి నేటి వరకు తమ జిల్లాలోని షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎడతెగకుండా నివసిస్తూ ఉంటేనే స్థానికులుగా లెక్క. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారంతో సాంఘిక సంక్షేమ శాఖ 2000 జనవరి 10న జి.ఓ.ఎం.ఎస్. నంబరు 3గా ఈ ఉత్తర్వు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బయటి బడుల గురించి ఈ ఉత్తర్వు ఏమీ చెప్పలేదు."

అంకెలతో కలిపి లెక్కపెడితే అరవై రెండు మాటలు. పాత జి.ఓ.ల కథ లేదు. కారణాలు లేవు. ఏయే చట్టాల ఏయే సెక్షన్లు పక్కకు జరిగినాయో లేదు. ఎవరికి కాపీలు పంపారో లేదు. వీటిలో ఏది తెలుసుకోవాలన్నా నంబరు, తేదీ ఉన్నాయి కాబట్టి అసలు కాపీ వెతుక్కోవచ్చు. అందుకే ఎంత చోటు తక్కువైనా శాఖ పేరు, నంబరు, తేదీ వదలకూడదంటాం. మా కాకా తెచ్చిన వార్తలో నంబరు ఉండింటే, ఆఫీసుకు పోయిన మొదటి రోజే కాపీ అడిగి ఉండేవాళ్లం. నాలుగైదు నెలలు ఆగేవాళ్లం కాదు.

కారణాలు వదిలేయడం మీద మాలో మాకే తగువు వచ్చింది. టీచర్లు బడికి రాకపోవడం వల్లే ఈ జి.ఓ. వచ్చిందని చెప్పకపోతే, ఎస్టీలకు ఊరికే ఇచ్చినట్టు చదివేవాళ్లు అనుకోరా అని మాలో ఒకరి మాట. అది న్యాయమైన మాటే. మాటలు మిగిలి ఉన్నాయి కాబట్టి ఒక వాక్యం చేర్చొచ్చు. అయితే దాన్ని 'ప్రభుత్వం చెప్పిన కారణం' అని రాయాలి, మన మాటగా రాయకూడదు. ఆజ్ఞ, వివరణ పూర్తిగా వచ్చినాకే కారణానికి చోటు. చోటు చాలకపోతే మొదట పోవాల్సింది అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా గోడ పత్రిక చదివేది కుందుర్పి మండలం వాళ్లు. వాళ్లకు అన్నింటికంటే కావాల్సిన సంగతి ఈ జి.ఓ. తమకు వర్తించదన్నది. ఆ సంగతి జి.ఓ.లో ఎక్కడా ఇంత ముక్కుసూటిగా రాసి లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. వార్తలో దాన్ని కలిపేస్తే జి.ఓ. అననిది అన్నట్టు అవుతుంది, వదిలేస్తే మళ్లీ ఇంకో కాకా మేకల బేరం ఆపుతాడు. కాబట్టి వార్త కింద గీత గీసి విడిగా రాసినాం. "మా మాట: అనంతపురం జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు." దీంతో కలిపి అరవై తొమ్మిది మాటలు. ఏది ప్రభుత్వం మాట, ఏది రాసినవాళ్ల మాట అన్నది ఆ గీతే చెబుతుంది.

చివరి పరీక్ష ఒకటుంది. జి.ఓ. చూడనివాళ్లకు వార్త ఒక్కటే చదివి వినిపించి ప్రశ్నలు అడగాలి. ఆ రోజు కాకాకే చదివి వినిపించినాం. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటినాయి, చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి.

"మన తాండా బడి పోస్టు మనకే వస్తుందా కాకా?" అని అడిగినాం.

"రాదు. మనది జాబితాలో లేదు."

"మన పిల్ల పాడేరు పోయి అప్లికేషన్ పెట్టొచ్చా?"

"పెట్టలేదు. వాళ్ల నాయన యాడుండె 1950లో? పుట్టనే లేదు. వాళ్ల తాత ఈన్నే ఉండె." కాసేపు ఆగి, "ఆ పొద్దు ఇట్ల చెప్పుంటే..." అని మళ్లీ మాట్లాడలేదు.

ఆ జి.ఓ. ఇప్పుడు అమల్లో లేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. లాక్‌డౌన్ రోజులవి. ఫోన్లలో 'జి.ఓ. 3 రద్దు' అని మూడు మాటల వార్త తిరిగింది. పాడేరు మిత్రుడు రాత్రి ఫోను చేసి, ఇరవై ఏండ్ల నుంచి చేస్తున్న ఉద్యోగం పోతుందా అని అడిగినాడు. గొంతు వణుకుతా ఉండింది. మేము అప్పుడేమీ చెప్పలేకపోయినాం. తీర్పు దొరికినాక వందకు పైగా పేజీల ఆ కాగితాన్ని కూడా చివరి నుంచే చదివినాం. అతని ప్రశ్నకు జవాబు ఆ చివరి పేజీల్లోనే ఉంది. దాన్ని కూడా పిల్లలతో కుదింపు చేయించినాం.

"షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే కేటాయించిన 2000 నాటి జి.ఓ. 3 చెల్లదని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న తీర్పు చెప్పింది. ఇప్పటికే జరిగిన నియామకాలకు భంగం లేదు. అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు మళ్లీ రిజర్వేషన్ హద్దు దాటితే 1986 నుంచి జరిగిన నియామకాలకు ఈ రక్షణ ఉండదు."

నలభై రెండు మాటలు. రెండో వాక్యం లేకపోతే మన్యంలో వేలమంది టీచర్ల ఇంట్లో ఆ రాత్రి లాంటి రాత్రి. మూడో వాక్యం లేకపోతే ఉన్న రక్షణకు షరతు లేదన్న తప్పుడు ధైర్యం. రెండు ప్రభుత్వాలూ కలిసి ఐదు లక్షల రూపాయల ఖర్చులు కట్టాలని కూడా తీర్పులో ఉంది. పిల్లలకు అది ఆసక్తిగా అనిపించి మొదట రాసినారు. దాన్ని తీసేస్తే ఎవరి హక్కు పెరుగుతుంది, ఎవరిది తగ్గుతుంది అని అడిగినాం. ఎవరిదీ కాదన్నారు. అయితే పోనీ అన్నాం.

తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఈ జి.ఓ. మిగతా కులాలవాళ్లకే కాదు, 1950 నుంచి ఆ ప్రాంతంలో లేని ఎస్టీలకు కూడా అవకాశం లేకుండా చేసిందని కోర్టు అంది. అది చదివినప్పుడు మా అన్న కూతురు మా వైపు చూసింది. ఆ మాట మాలాంటివాళ్ల గురించే. దాన్ని వార్తలో పెట్టాలని ఉంది గానీ, అది తీర్పు చెప్పిన కారణాల్లో ఒకటి, తీర్పు కాదు. అందుకని గీత కింద రాసుకోమన్నాం.

ఇప్పుడు మా బడి బీరువాలో ఆ జి.ఓ. కాపీ, దాని పక్కన కాకా దాచుకున్న పేపరు ముక్క, రెండూ ఒకే కవరులో ఉన్నాయి. పేపరు ముక్క మడత దగ్గర చిరిగి, అక్షరాలు వెలిసిపోయినాయి. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు మొదట ఆ ముక్కే ఇస్తాం. అది చదివి, మన తాండాకు ఉద్యోగం వస్తుందా రాదా అని అడుగుతాం. అందరూ వస్తుందనే అంటారు. ఆ తర్వాతే జి.ఓ. చేతికిస్తాం.